టార్గెట్లన్నీ దాటే వ్యక్తి టీమును ఏడిపిస్తుంటే మేనేజర్ ఏం చేయాలి?

ప్రశ్న: "మాది ఎనిమిది మంది ఉన్న సేల్స్ టీము. అందులో ఒకతను ఆరు క్వార్టర్లుగా ఒక్కసారి కూడా టార్గెట్ తప్పలేదు. కానీ తోటివాళ్ళను అందరి ముందూ తీసిపారేస్తాడు, చిన్న తప్పు దొరికితే అరుస్తాడు. ఈ నెలలో ఒకామె తనను వేరే టీముకు మార్చమని అడిగింది. మా పైవాళ్ళకు అతనంటే చాలా ఇష్టం. అతన్ని వదులుకోలేను, ఇలా వదిలేయనూ లేను. ఏం చేయాలి?"

అతన్ని రేపే పంపించేయకండి. అలాగని ఇంకో క్వార్టర్ కూడా ఇలాగే నడపకండి. ఈ రెండు మూడు వారాల్లో అతనితో ఒక్కసారి, సూటిగా, రాతపూర్వకంగా మాట్లాడండి. ఏ ప్రవర్తన మారాలో, ఎప్పటిలోగా మారాలో, మారకపోతే ఏమవుతుందో అందులో ఉండాలి. గడువు ఎనిమిది వారాలు సరిపోతుంది. ఆ తర్వాత కూడా మారకపోతే, టార్గెట్ కొడుతున్నా సరే, పంపించేయాలి. ఆ మాట అతనితో అనేముందే దానికి మీరు సిద్ధపడి ఉండాలి, మీ పైవాళ్ళను సిద్ధం చేసి ఉండాలి.

నేను చాలా ఏళ్ళు సేల్స్ టీములు నడిపాను. ఇప్పుడు మేనేజర్లకు ఇలాంటి విషయాల్లోనే సాయం చేస్తుంటాను. దాదాపు అందరూ ఒకేచోట ఇరుక్కుపోతారు. ఒక పక్క అతని నంబర్, ఇంకో పక్క అతని నోరు పెట్టుకుని ఏది ఎక్కువ బరువో తేల్చుకోవాలని చూస్తారు. నంబర్ కాగితం మీద కనిపిస్తుంది, రెండోది కనిపించదు కాబట్టి ప్రతిసారీ నంబరే గెలుస్తుంది. అందుకని ముందు ఆ నంబర్‌నే విప్పి చూడమంటాను.

ఆ నంబర్‌కు ఎవరు ఖర్చు పెడుతున్నారో చూడండి

నేను దగ్గరుండి చూసిన ఒక కేసు చెప్తాను. కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పెట్టించి ఇచ్చే వ్యాపారం. ఒక సీనియర్ సేల్స్ వ్యక్తి టీము మొత్తం ఆర్డర్లలో దాదాపు మూడో వంతు ఒక్కడే తెచ్చేవాడు. రెండో స్థానంలో ఉన్నామె కంటే నలభై శాతం ఎక్కువ. అక్కడ టార్గెట్‌ను ఆర్డర్ మీద సంతకం పడ్డ రోజే లెక్కకట్టేవారు. ఆ తర్వాత ఏం జరిగిందన్నది అతని ఖాతాలోకి వచ్చేది కాదు.

మేనేజర్‌తో కలిసి కూర్చుని అతని గత ఏడాది ఆర్డర్లను ఒక్కొక్కటిగా చివరిదాకా చూశాం. ఎంత డిస్కౌంట్ ఇచ్చాడు, డబ్బు మొత్తం వసూలైందా, ఒప్పుకున్న తేదీకి పని పూర్తయిందా, ఆలస్యానికి ఎంత తగ్గించుకోవాల్సి వచ్చింది, ఏడాది తిరిగాక కస్టమర్ కాంట్రాక్ట్ కొనసాగించాడా. ఇవన్నీ తీసేసి చూస్తే ఆ నలభై శాతం ఆధిక్యం పది శాతం దగ్గరికి వచ్చింది. అప్పటికీ మొదటి స్థానం అతనిదే. అతను నిజంగా సమర్థుడు, అందులో అనుమానం లేదు. కానీ "అతను లేకపోతే మునిగిపోతాం" అన్న మాటకు మాత్రం ఆధారం లేదని తేలింది.

ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే విషయం అతని నోటి దగ్గరికే వెళ్ళింది. పని ఎన్ని వారాలు పడుతుందో అంచనా వేసి ఇచ్చే అమ్మాయి ఒకసారి "దీనికి పది వారాలు పడుతుంది" అంది. అతను మీటింగులో అందరి ముందూ "ఈ మాత్రం చెప్పడానికి నీకు జీతం ఎందుకు?" అని అరిచి, కస్టమర్‌కు ఆరు వారాలని రాసిచ్చాడు. ఆ తర్వాత ఆమె అతని ఆర్డర్లకు అభ్యంతరం చెప్పడం మానేసింది. అడిగిన తేదీ వేసి పంపేసేది. పనులు ఆలస్యమయ్యేవి, కస్టమర్లు డబ్బు ఆపేవారు. ఆ నష్టం డెలివరీ విభాగం లెక్కల్లో కనిపించేది, సేల్స్ లెక్కల్లో కాదు. అంటే అతని ప్రవర్తన నంబర్ పక్కన ఉన్న వేరే సమస్య కాదు. చెడు వార్త చెప్పాల్సిన వాళ్ళ నోరు మూయించడం వల్లనే ఆ నంబర్ అంత పెద్దదిగా కనిపించింది.

మీ దగ్గర కూడా ఇలాగే ఉంటుందని నేను చెప్పలేను. అతను కట్టిన ఒప్పందాలన్నీ గట్టివే కావచ్చు. కానీ చూడకుండా మాత్రం పైవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. దీంతోపాటు గత రెండేళ్ళలో మానేసినవాళ్ళలో, టీము మారినవాళ్ళలో ఎంతమంది అతనితో నేరుగా పనిచేసేవారో కూడా చూడండి. కొత్త మనిషిని వెతికి, చేర్చుకుని, పని నేర్పి చేతికి అందేవరకు పోయే జీతం, సమయం ఎంతో మీ హెచ్‌ఆర్ వాళ్ళకు తెలుసు.

ఈ విషయం మీద 2015లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి మైఖేల్ హౌస్‌మన్, డిలన్ మైనర్ అనే ఇద్దరు ఒక పరిశోధన పత్రం విడుదల చేశారు. పదకొండు కంపెనీల్లో 50,000 మందికి పైగా ఉద్యోగుల వివరాలు చూశారు. అందరిలోకీ మెరుగైన ఒక్క శాతంలో ఉండే ఉద్యోగిని తెచ్చుకుంటే వచ్చే లాభం సుమారు 5,300 డాలర్లని, విషంలా పనిచేసే ఒక మనిషిని చేర్చుకోకుండా తప్పించుకుంటే మిగిలేది సుమారు 12,500 డాలర్లని లెక్కవేశారు. ఆ రెండో అంకెలో ఉన్నది ప్రధానంగా మనుషులు మానేయడం వల్ల అయ్యే ఖర్చే. ఇలాంటివాళ్ళు పని వేగంలో సగటు ఉద్యోగి కంటే ముందుంటారని కూడా అందులో తేలింది. ఇలాంటివాళ్ళు ఎందుకు అంతకాలం నిలదొక్కుకుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. వాళ్ళు లెక్కలోకి తీసుకున్నది తీవ్రమైన దుష్ప్రవర్తన వల్ల ఉద్యోగం పోయినవాళ్ళను. అరిచే ప్రతి మనిషికీ ఆ అంకె వర్తించదు. మీ పైవాళ్ళకు దాన్ని చూపించి వాదించడం కంటే మీ సొంత ఆర్డర్ల లెక్క చూపించడమే మంచిది.

ముందు ఇది ఏ రకమో తేల్చుకోండి

నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. అతను పైవాళ్ళతో కూడా ఇలాగే ఉంటాడా? మీతో, మీ డైరెక్టర్‌తో, కస్టమర్‌తో మర్యాదగా ఉండి, తనకంటే కింద ఉన్నవాళ్ళ మీదే అరుస్తుంటే అది కోపం ఆపుకోలేకపోవడం కాదు. ఆపుకోవడం అతనికి బాగా వచ్చు, ఎవరి దగ్గర ఆపుకోవాలో కూడా తెలుసు. "నా స్వభావమే అంత" అనే మాటను అప్పుడు ఒప్పుకోనక్కర్లేదు.

అందరితోనూ, కస్టమర్లతో కూడా ఈ మధ్యే ఇలా తయారయ్యాడంటే అది వేరే సంగతి. పని మీదపడి నలిగిపోతున్నాడేమో, ఇంట్లో ఏదైనా కష్టం ఉందేమో కనుక్కోవాలి. మాట కటువుగా ఉన్నా పని గురించే మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారు. "ఈ అంచనా తప్పు, ఫలానా లెక్క చూడు" అనేవాడు వేరు, "నీకు బుర్ర లేదు" అనేవాడు వేరు. మొదటివాడిని పంపించేస్తే టీము నష్టపోతుంది.

ఇంకొకటి. బెదిరింపు, చేయి చేసుకోవడం, లైంగిక వేధింపు, పుట్టుకను బట్టి అవమానించడం, లెక్కలు తారుమారు చేయడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేను చెప్తున్న ఎనిమిది వారాల గడువు వర్తించదు. అదే రోజు హెచ్‌ఆర్‌కు చెప్పి విచారణకు పంపాలి. మీరు మధ్యలో సర్దిచెప్పే ప్రయత్నం చేయకూడదు.

మాట్లాడేముందు చేతిలో ఏం ఉండాలి

"అహంకారి", "నెగెటివ్‌గా ఉంటాడు", "టీమ్ ప్లేయర్ కాదు" లాంటి మాటలతో వెళ్తే రెండు నిమిషాల్లో ఓడిపోతారు. అవి మీ అభిప్రాయాలు, వాటికి ఎదురు అభిప్రాయం అతని దగ్గర సిద్ధంగా ఉంటుంది. మీకు కావలసినవి సంఘటనలు. తేదీ, ఎక్కడ, ఎవరెవరున్నారు, అతను అన్న మాట ఉన్నదున్నట్టు, ఆ తర్వాత పనికి ఏమైంది. ఈ చివరిదే ముఖ్యం, మేనేజర్లు వదిలేసేదీ ఇదే. "ఆమె బాధపడింది" అని రాసి ఆపేయకండి. "తర్వాత రెండు వారాలు ఆమె ఆ కస్టమర్ కాల్స్‌కు రాలేదు, ధర తప్పుగా వెళ్ళింది" అని రాయండి. ఇలాంటివి నాలుగైదు ఉంటే చాలు. అందులో కనీసం రెండు మీరు కళ్ళారా చూసినవి అయ్యుండాలి.

అవి ఎలా వస్తాయంటే, టీములో అందరితో విడివిడిగా అరగంట కూర్చోండి. అతని పేరు మీరు ఎత్తకండి. "నీ పని ఎక్కడ ఆగుతోంది? ఎవరినైనా ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడు వెనకాడుతున్నావా?" అని అడగండి. సమస్య నిజంగా ఉంటే వాళ్ళే చెప్తారు. టీమంతటినీ కూర్చోబెట్టి అతని మీద ఫిర్యాదులు మాత్రం అడగకండి, అది పంచాయితీ అవుతుంది. ఎవరికీ "నీ పేరు అస్సలు బయటికి రాదు" అని మాటివ్వకండి. నలుగురున్న మీటింగులో జరిగిన సంఘటన చెప్తే ఎవరు చెప్పారో అతను ఊహించగలడు. "నిన్ను అడగకుండా నీ సంఘటన వాడను" అనే మాట మాత్రం ఇవ్వగలరు, అది నిలబెట్టుకోండి.

ఇదే సమయంలో చప్పుడు చేయకుండా ఇంకో పని మొదలుపెట్టాలి. అతని ఒక్కడి చేతిలోనే ఉన్న కస్టమర్లందరి దగ్గరా రెండో మనిషిని పరిచయం చేయండి. మాట్లాడుకున్న విషయాలు, ధరలు, ఎవరిని ఎప్పుడు కలవాలో అన్నీ టీము సిస్టమ్‌లోకి ఎక్కేలా చూడండి. ఇది అతని మీద కుట్ర కాదు. మంచి మనిషి సెలవు పెట్టినా ఇదే కావాలి, అందుకే టీములో అందరికీ ఒకే నియమంగా పెట్టండి.

ఆ మాటలు ఎలా అనాలి

ముందు పొగిడి, మధ్యలో విషయం చెప్పి, చివర మళ్ళీ పొగిడే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఇలాంటి మనిషి పొగడ్తలు రెండూ జేబులో వేసుకుని బయటికి వెళ్తాడు. మొదటి వాక్యంలోనే చెప్పేయండి. నేను మేనేజర్లతో ముందుగా అనిపించి చూసేది దాదాపు ఇలా ఉంటుంది: "మీ టార్గెట్ల గురించి మాట్లాడటానికి పిలవలేదు, వాటిలో ఏ లోటూ లేదు. తోటివాళ్ళతో మీరు ప్రవర్తించే తీరు గురించి పిలిచాను. అది మారకపోతే మీరు ఈ టీములో కొనసాగలేరు." ఆ తర్వాత రెండు మూడు సంఘటనలు చెప్పి ఆగండి. మౌనం ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని మీ మాటలతో నింపకండి.

వచ్చే జవాబులు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. "ఎవరు చెప్పారు?" అంటాడు. "ఈ రెండూ నేను చూసినవి, వాటి గురించే మాట్లాడదాం" అనండి. "వాళ్ళే సున్నితం, ఏమన్నా తట్టుకోలేరు" అంటాడు. "పనిలో తప్పుంటే చెప్పండి, గట్టిగానే చెప్పండి. మనిషిని అవమానించకండి" అనండి. "మరి నేను తెచ్చే బిజినెస్ సంగతి?" అంటాడు. అసలు పరీక్ష ఇక్కడే. ఇక్కడ తడబడితే మిగతాదంతా వృథా. "అది మీ ఉద్యోగంలో సగం. మిగతా సగం గురించే ఇప్పుడు చెప్తున్నాను" అని అక్కడితో ఆపండి. రాజీనామా చేస్తానని బెదిరిస్తే బతిమాలకండి. "అది మీ నిర్ణయం, రేపు మాట్లాడదాం" అనండి. ఆ బెదిరింపుకు ఒక్కసారి లొంగితే ఆ తర్వాత టీమును నడిపేది అతనే.

అదే రోజు సాయంత్రం మెయిల్ రాయండి, హెచ్‌ఆర్‌కు కాపీ పెట్టండి. అందులో "ప్రవర్తన మెరుగుపరుచుకోవాలి" అని కాకుండా, చూస్తే తెలిసిపోయే మూడు విషయాలు ఉండాలి. నా కేసులో ఇలా రాశాం. మీటింగులో ఎవరినైనా వ్యక్తిగతంగా తక్కువ చేసి మాట్లాడకూడదు. పని తేదీ మీద అభ్యంతరం వస్తే, డెలివరీ విభాగం ఒప్పుకోకుండా కస్టమర్‌కు తేదీ ఇవ్వకూడదు. కస్టమర్ గురించి తెలిసిన సమాచారం రెండో మనిషికి చెప్పకుండా దాచకూడదు. వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు కూర్చుని ఈ మూడే చూడాలి. ఆ మీటింగులో టార్గెట్ మాట తేవద్దు.

డబ్బు విషయంలో నిక్కచ్చిగా ఉండండి. ఈ క్వార్టర్‌కు ఒప్పుకున్న కమిషన్ ఒప్పుకున్నట్టే ఇచ్చేయాలి. మధ్యలో కోత పెడితే తప్పు మీది అవుతుంది. కానీ ఈ గడువులో ప్రమోషన్, అవార్డు, అందరి ముందు చప్పట్లు ఉండకూడదు. నెల చివర పెద్ద సారు వచ్చి అతన్ని ఆకాశానికెత్తితే, మీరు రాసిన మెయిల్‌కు విలువ ఉండదు. మీ డైరెక్టర్‌కు ఈ మాట ముందే చెప్పి పెట్టుకోండి.

మారాడో లేదో ఎలా తెలుస్తుంది

మొదటి రెండు వారాల మర్యాదను లెక్కలోకి తీసుకోకండి. దాదాపు అందరూ చూపిస్తారు. క్వార్టర్ చివర ఒత్తిడి పెరిగినప్పుడు ఎలా ఉంటాడో అదే లెక్క. అందుకే ఎనిమిది వారాల గడువులో క్వార్టర్ ముగింపు పడేలా చూసుకోమంటాను.

అతన్ని కాదు, చుట్టూ ఉన్నవాళ్ళను గమనించండి. మీటింగులో అతని మాటకు ఎవరైనా "కాదు" అంటున్నారా? ఆలస్యమవుతుందన్న కబురు మీకు ముందుకంటే త్వరగా చేరుతోందా? ఈ రెండూ జరుగుతుంటే నిజంగానే మార్పు వస్తోంది. మీటింగులో ప్రశాంతంగా ఉండి, ఫోన్లో విడిగా తిడుతున్నా, మెయిల్ నుంచి ఒకరి పేరు తీసేస్తున్నా, సమాచారం ఆలస్యంగా ఇస్తున్నా, ప్రవర్తన మారలేదు, చోటు మారిందంతే. ఫిర్యాదు చేశారని అనుమానించి ఎవరినైనా వేధిస్తే గడువు అక్కడితో అయిపోయినట్టే. ఈ సంగతి మొదటి రోజే అతనికి చెప్పి ఉండాలి.

నా కేసులో అతను మొదటి నెల బాగానే ఉన్నాడు. క్వార్టర్ చివరి వారంలో అదే అమ్మాయికి ఫోన్ చేసి తేదీ మార్చమని బెదిరించాడు. ఆమె ఈసారి మేనేజర్‌కు చెప్పింది. పై వారం అతన్ని పంపించేశారు. అతనితోపాటు ఇద్దరు కస్టమర్లు పోయారు. ఆ క్వార్టర్, ఆ తర్వాతి క్వార్టర్ రెండూ టీము టార్గెట్ తప్పింది, మూడో క్వార్టర్‌లో అందుకున్నారు. ఈ నష్టాన్ని మీ పైవాళ్ళ దగ్గర దాచకండి. "రెండు క్వార్టర్లు ఇంత తగ్గొచ్చు, ఈ కస్టమర్లను ఫలానావాళ్ళు చూసుకుంటారు, ఆలస్యాల వల్ల ఇప్పుడు పోతున్నది ఇంత" అని ఒక్క పేజీలో పెట్టి అతనితో మాట్లాడేముందే వాళ్ళ ఒప్పుదల తీసుకోండి. ఆ ఒప్పుదల రాకపోతే "కొనసాగలేరు" అనే మాట అతనితో అనకండి. నిలబెట్టుకోలేని హెచ్చరిక ఇస్తే అతను ఇంకా బలపడతాడు. అప్పుడు హెచ్‌ఆర్ ద్వారా సంఘటనలు నమోదు చేయిస్తూ, కస్టమర్ల దగ్గర రెండో మనిషిని నిలబెడుతూ మళ్ళీ అడగాలి.

అందరి కథా ఇలా ముగియదు. ఒక సీనియర్ ఇంజినీర్ జూనియర్ల పని సరిచూస్తూ రాసే వ్యాఖ్యలు చదివి వాళ్ళు సెలవులు పెట్టేవారు. అతని పాత వ్యాఖ్యలు పది ప్రింట్ తీసి ముందు పెట్టి, "పని గురించి ఉన్న వాక్యాలకు గీత గీయండి" అని మేనేజర్ అడిగింది. పదింటిలో మూడు వాక్యాలకే గీత పడింది. అంతకుముందు అతనికి ఎవరూ అలా చూపించలేదు, "కాస్త మెత్తగా ఉండు" అని మాత్రమే అనేవారు. అతను మారాడు, ఇప్పటికీ అదే టీములో ఉన్నాడు. చాలామందికి ఈ మాట సూటిగా చెప్పినవాళ్ళే ఉండరు. అందుకే నేరుగా పంపించేయమని నేను అనను.

అతనికి ఎవరితోనూ పనిలేని ఉద్యోగం ఇచ్చి పక్కన కూర్చోబెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. పని నిజంగా ఒంటరిగా చేసేదైతే కుదురుతుంది. సేల్స్‌లో అంచనా వేసేవాళ్ళు, డెలివరీవాళ్ళు, బిల్లింగ్‌వాళ్ళు లేకుండా ఏ ఆర్డరూ నడవదు కాబట్టి మీ దగ్గర ఇది కుదరదు.

ఇక వేరే టీముకు మార్చమని అడిగిన ఆమె సంగతి. ఈ వారంలోనే ఆమెతో మాట్లాడండి. అతని మీద ఏం చర్య తీసుకుంటున్నారో వివరాలు చెప్పకూడదు, కానీ "నువ్వు చెప్పింది విన్నాను, దీని మీద పని మొదలుపెట్టాను, నీ మీద ఏ ఒత్తిడి వచ్చినా అదే రోజు నాకు చెప్పు" అనొచ్చు. ఆమె రోజువారీ పనిని అతని ఆర్డర్ల నుంచి తాత్కాలికంగా తప్పించండి. అయినా వెళ్తానంటే ఆపకండి, ఆమె రేటింగ్ తగ్గకుండా చూసి పంపండి. ఆమెను పంపించడంతో సమస్య తీరిపోయిందని మాత్రం హెచ్‌ఆర్ కాగితంలో రాయనివ్వకండి. బదిలీకి కారణం ఏమిటో ఉన్నదున్నట్టు అందులో ఉండాలి, రేపు మీ పైవాళ్ళ ముందు పెట్టే పేజీలో అది కూడా ఒక సంఘటనే.